చీటీలో లేనివి

నెల మొదట్లో సరుకులకు బయల్దేరిన ఇల్లాలి దగ్గర ఒక చీటీ ఉంటుంది. కాగితం ముక్క మీదైనా రాసుకుంటుంది, ఫోన్లోనైనా రాసుకుంటుంది. కందిపప్పు, మినపగుళ్లు, నూనె ప్యాకెట్లు, చింతపండు, బట్టల సబ్బు. కానీ బిల్లు కట్టి ఇంటికొచ్చి సంచీ గుమ్మరిస్తే చీటీలో లేనివి కూడా నాలుగైదు బయటపడతాయి. ఒక జీలకర్ర ప్యాకెట్టు, ఒక అగ్గిపెట్టెల కట్ట, ఒక సేమియా, పిల్లాడి చేతిలో చాక్లెట్. ఇవన్నీ దుకాణం వాడి మాయ అని కొందరంటారు. ఆమెను అడిగితే మాత్రం, "జీలకర్ర నిజంగానే అయిపోయింది, రాయడం మర్చిపోయాను, చూశాక గుర్తొచ్చింది" అంటుంది. చిన్న సూపర్ మార్కెట్‌లో అరల అమరిక అనేదంతా ఈ "చూశాక గుర్తొచ్చింది" అన్న మాట చుట్టూనే తిరుగుతుంది.

పాత కిరాణా కొట్లో ఈ గుర్తుచేసే పని శెట్టిగారిది. చీటీ చదువుతూ సరుకు కట్టిస్తూనే, "బెల్లం రాయలేదేమ్మా, పండగ వస్తోందిగా" అనేవాడు. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, ఎవరింట్లో ఏ నూనె వాడతారో ఆయనకు తెలుసు. సరుకు బల్ల వెనక ఉండేది, కొనేవాళ్లు బల్ల ముందు ఉండేవాళ్లు. ఈ బల్లను తీసేసిన మొదటివాళ్లలో పేరు నిలిచినవాడు క్లారెన్స్ సాండర్స్. అమెరికాలోని మెంఫిస్‌లో 1916 సెప్టెంబరులో ఆయన పిగ్లీ విగ్లీ అనే కొట్టు తెరిచాడు. గుమాస్తాలు తెచ్చివ్వడం లేదు; కొనేవాళ్లే బుట్ట పట్టుకుని తిప్పుడు గేటు దాటి లోపలికి వెళ్లాలి, అరల మధ్య వంకర్లు తిరిగే ఒకే దారిలో నడవాలి, చివర డబ్బు కట్టి బయటపడాలి. ఈ ఏర్పాటుకు 1917లో పేటెంటు కూడా పుచ్చుకున్నాడు. ఆయన లెక్క ప్రధానంగా గుమాస్తాల జీతాలు తగ్గించుకోవడం. అయితే గుమాస్తాతో పాటు గుర్తుచేసే నోరు కూడా కొట్టులోంచి వెళ్లిపోయింది. ఆ పని ఇక అరలే చెయ్యాలి.

మన ఊళ్లలో ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించేది ఇరవై అడుగుల వెడల్పు, అరవై అడుగుల లోతు ఉన్న ఒక హాలు. రెండు గోడల వెంట ర్యాకులు, నడుమ రెండు వరసల గొండోలా ర్యాకులు, ముందు బిల్లింగ్ కౌంటర్, వెనక ఒక చిన్న గది, అదే గోడౌన్. మొత్తం పన్నెండు వందల చదరపు అడుగులు. యజమాని, ఆయన భార్య, ఇద్దరు ముగ్గురు పనివాళ్లు. పెద్ద మాల్ పుస్తకాల్లో రాసిన సూత్రాలన్నీ ఇక్కడ యథాతథంగా పనిచెయ్యవు. ఉదాహరణకు, పాలూ పెరుగూ లాంటి రోజువారీ సరుకు కొట్టు వెనక భాగంలో పెట్టాలని, దానికోసం నడిచేవాళ్లు దారిలో మిగతావి చూస్తారని ఆ పుస్తకాలు చెబుతాయి. ఉదయం ఆరింటికి పాల ప్యాకెట్టుకు వచ్చిన మనిషి స్టవ్ మీద గిన్నె పెట్టి వచ్చి ఉంటాడు. అతన్ని అరవై అడుగులు నడిపిస్తే రేపటి నుంచి పక్క కిరాణాకు వెళతాడు. అందుకే తెలిసిన కొట్టు వాళ్లు తొమ్మిది దాకా పాల ట్రేలు గుమ్మం పక్కనే ఉంచుతారు, ఆ తర్వాత వెనక ఫ్రిజ్‌లోకి మారుస్తారు. సాయంత్రం పెరుగుకు వచ్చేవాళ్లకు తొందర తక్కువ. వాళ్లు నడుస్తారు, చూస్తారు.

గుమ్మం దగ్గర ఇంకో సంగతి ఉంది. ఎండలోంచి లోపలికొచ్చిన మనిషికి మొదటి ఐదారడుగుల్లో ఏదీ సరిగ్గా కంటికి ఆనదు. చెప్పులు తుడుచుకోవడం, గొడుగు మడవడం, బుట్ట వెతుక్కోవడం, ఫోన్ సంచీలో వేసుకోవడం, అన్నీ అక్కడే. దుకాణాల్లో మనుషుల నడకను ఏళ్ల తరబడి గమనించిన పాకో అండర్‌హిల్ 1999లో అచ్చయిన తన పుస్తకంలో ఈ చోటు గురించి వివరంగా రాశాడు. అక్కడ పెట్టిన సరుకును దాటుకుని వెళ్లిపోతారని ఆయన గమనింపు. కానీ మనవాళ్లు చాలామంది కొత్తగా వచ్చిన స్కీమ్ సరుకంతా సరిగ్గా అక్కడే గుట్ట పోస్తారు. దాన్ని నాలుగడుగులు లోపలికి జరిపితే చాలు. బుట్టలు మాత్రం గుమ్మం దగ్గర ఒక దొంతర, లోపల మధ్యలో ఇంకో దొంతర ఉండాలి. రెండు చేతులూ నిండిన మనిషికి మూడో వస్తువు ఎంత కావాల్సిందైనా తీసుకోవడానికి చెయ్యి ఉండదు.

ఇక ర్యాకు దగ్గరికి వద్దాం. ఐదు అరల ర్యాకులో అన్ని అరలూ ఒకటి కావు. కంటికి ఎదురుగా ఉన్న అర మెయిన్ రోడ్డు మీద షాపు లాంటిది, నేలకు ఆనుకున్నది వెనక సందులో గది. కంటి ఎత్తు అన్నప్పుడు ఎవరి కన్ను అన్నది ముందు అడగాలి. మన దేశంలో ఆడవాళ్ల సగటు ఎత్తు దాదాపు ఐదడుగులు. కళ్లు దానికి నాలుగైదు అంగుళాల కిందుంటాయి, నడిచేటప్పుడు మనిషి చూపు సహజంగా కాస్త కిందికే వాలుతుంది. ఆ లెక్కన మన కొట్లలో మంచి చోటు నేల నుంచి మూడున్నర, నాలుగున్నర అడుగుల మధ్య. ఏడడుగుల ర్యాకులు కొని పై అరలో సరుకు పేర్చేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. అక్కడి సరుకు అందుకోవాలంటే మునివేళ్ల మీద నిలబడాలి, లేదా "అబ్బాయ్, ఆ డబ్బా తియ్యి" అని పిలవాలి. పిలవడానికి మొహమాటపడే మనిషి ఇంకో డబ్బా తీసుకుని వెళుతుంది. పై అరలో తేలికైన అదనపు స్టాకు పెట్టుకోవచ్చు. గాజు సీసా పచ్చళ్లు మాత్రం ఎప్పుడూ వద్దు. ఐదు లీటర్ల నూనె క్యాన్లు, పది కిలోల గోధుమపిండి, బియ్యం బస్తాలు నేల అరకు. వాటికోసం వచ్చినవాళ్లు ఎక్కడున్నా వెతికి తీసుకుంటారు.

మంచి చోటు ఎవరికివ్వాలి అన్నదే అసలు ప్రశ్న. మామూలు జవాబు, లాభం ఎక్కువున్న దానికి. ఈ జవాబు సగమే నిజం. ఒక టీపొడి అరను పట్టుకుని లెక్క చూద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవే, కానీ వ్యాపారంలో ఉన్నవాళ్లకు కొత్తగా అనిపించవు.

ర్యాకు వెడల్పు మూడడుగులు, అంటే ముప్ఫై ఆరు అంగుళాలు. టీవీలో ప్రకటన వచ్చే పెద్ద కంపెనీ టీపొడి పావుకిలో ప్యాకెట్టు వారానికి 40 అమ్ముతుంది. ఒక్కోదాని మీద కొట్టుకు మిగిలేది 12 రూపాయలు. చుట్టుపక్కల జిల్లాల్లోనే అమ్ముడయ్యే ఇంకో టీపొడి ధర తక్కువ, అయినా దాని మీద మిగిలేది 22 రూపాయలు, ఎందుకంటే ఆ చిన్న కంపెనీ ప్రకటనలకు పెట్టాల్సిన డబ్బును కొట్టు వాళ్లకు మార్జిన్‌గా ఇస్తుంది. అది వారానికి 10 ప్యాకెట్లు పోతుంది. పెద్ద టీ మీద వారానికి 480, చిన్నదాని మీద 220, మొత్తం 700 రూపాయలు.

ముందు పెద్ద టీకి ఎంత చోటు కావాలో చూడాలి. డిస్ట్రిబ్యూటర్ బండి వారానికి ఒకసారే వస్తుంది, గోడౌన్‌లో చోటు లేదు కనుక అరే గోడౌన్. 40 అమ్ముతుంది, చుట్టాలొచ్చిన ఇళ్లూ పండగలూ కలిపి ఇంకో 10 అదనంగా ఉండాలి. అంటే 50 ప్యాకెట్లు. అర లోతు పదహారు అంగుళాలు, ప్యాకెట్టు మందం మూడు అంగుళాలు, కనుక ఒకదాని వెనక ఒకటి ఐదు పడతాయి. ఒకదానిమీద ఒకటి రెండు పెట్టొచ్చు. ముందు నుంచి చూస్తే ఒక్క ప్యాకెట్టు ముఖం వెనక పది ఉన్నట్టు. ముఖాన్నే వ్యాపారంలో ఫేసింగ్ అంటారు. 50 కావాలంటే ఐదు ఫేసింగులు. ప్యాకెట్టు వెడల్పు నాలుగు అంగుళాలైతే మొత్తం ఇరవై అంగుళాలు. అంతకంటే ఇస్తే దండగ, తక్కువిస్తే వారం చివర అర ఖాళీ.

చిన్న టీకి లెక్క ప్రకారం ఒక్క ఫేసింగ్ చాలు, పది ప్యాకెట్లేగా. కానీ ఒంటరి ముఖం గుంపులో కనబడదు. రెండు ఫేసింగులు, ఎనిమిది అంగుళాలు ఇద్దాం. ఇప్పుడు అంగుళానికి ఎంత వస్తోందో చూస్తే, పెద్దదానికి 480ని ఇరవైతో భాగిస్తే 24 రూపాయలు, చిన్నదానికి 220ని ఎనిమిదితో భాగిస్తే 27 రూపాయల యాభై పైసలు. అర అద్దె ఎవరు ఎక్కువ కడుతున్నారో తేలిపోయింది. కనుక చిన్న టీని కంటి ఎత్తు అరలోకి తెచ్చి, పెద్దదాన్ని దాని కింది అరలోకి, నడుం ఎత్తుకు దించొచ్చు. పెద్ద టీ కావలసినవాళ్లు పేరు పెట్టుకుని వస్తారు, ఒక అర కిందున్నా తీసుకుంటారు. మొత్తం నలభైమందిలో ఐదుగురు చిన్నదానికి మారారనుకోండి. 35 పన్నెండ్లు 420, 15 ఇరవైరెండ్లు 330, మొత్తం 750. వారానికి యాభై రూపాయలు పెరిగింది.

యాభయ్యేనా అనిపిస్తుంది. ఒక్క టీపొడి అరకు అది. కొట్టులో ఇలాంటి అరలు చాలా ఉంటాయి. కానీ దీన్ని ఇంకా లాగుదామని పెద్ద టీని నేల అరలోకి తోసినా, దాని ఫేసింగులు రెండుకు తగ్గించినా కథ అడ్డం తిరుగుతుంది. బుధవారానికల్లా అది అయిపోతుంది. ఆ టీ లేదని తెలిసిన మనిషి వేరే టీ కొనదు, వేరే కొట్టుకు వెళుతుంది. వెళ్లేటప్పుడు టీపొడితో ఆగదు, నెల సరుకంతా అక్కడే తీసుకుంటుంది. అంగుళం లెక్కలో ఈ నష్టం కనబడదు. ఇంకొకటి: ఆ చిన్న టీ రుచి బాగోకపోతే ఐదుగురూ ఒక్కసారే కొంటారు. అర మొదటి ప్యాకెట్టునే అమ్మగలదు, రెండోది టీ కప్పులో తేలాలి.

షికాగోలోని డొమినిక్స్ సూపర్ మార్కెట్లలో చేసిన ప్రయోగాల గురించి జేవియర్ డ్రెజ్, స్టీఫెన్ హోక్, మేరీ పర్క్ 1994లో ఒక వ్యాసం రాశారు. సరుకు అయిపోకుండా ఉండేంత చోటు ఇచ్చాక, ఇంకా ఇంకా ఫేసింగులు పెంచితే వచ్చే లాభం తక్కువని, సరుకు ఎక్కడ ఉందన్నదానికే ఎక్కువ విలువని వాళ్లు తేల్చారు. కంపెనీ సేల్స్‌మ్యాన్‌కు ఈ సంగతి నచ్చదు. అతనికి కావలసింది అర పొడుగునా తన రంగే. "అన్నా, ఈ బే మొత్తం మాకివ్వండి, నెలకు డిస్‌ప్లే డబ్బులిస్తాం" అని వస్తాడు. ఇవ్వొచ్చు, తప్పేం లేదు. కాకపోతే ఒప్పుకునే ముందు ఆ అంగుళాల మీద ఇప్పుడెంత వస్తోందో కాగితం మీద వేసుకోవాలి. అతనిచ్చే డబ్బు దానికంటే తక్కువైతే కొట్టు వాడే కంపెనీకి ఎదురు డబ్బిచ్చినట్టు. చాలామంది ఈ లెక్క వెయ్యరు. కవరు చేతికొచ్చినట్టు కనబడుతుంది, పోయింది కనబడదు.

సేల్స్‌మ్యాన్‌ల మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. మధ్యాహ్నం యజమాని భోజనానికి వెళ్లినప్పుడు వచ్చి, పక్క కంపెనీ ప్యాకెట్లు వెనక్కి తోసి ఆ ఖాళీలో తనవి పేరుస్తాడు. అర నిండుగా కనిపిస్తుంది కనుక ఏం అయిపోయిందో ఎవరికీ తెలియదు. ఇదే తప్పు పనివాళ్లు మంచి మనసుతో కూడా చేస్తారు, ఖాళీ బాగుండదని పక్క సరుకును అక్కడికి జరుపుతారు. అలా చేస్తే ఖాళీ దాగిపోతుంది, ఆర్డరు పడదు. అర అంచున అంటించిన ధర చీటీ దగ్గర ఆ సరుకే ఉండాలి, లేకపోతే ఖాళీగానే ఉండాలి. ఆ ఖాళీయే ఆర్డరు.

ఏది ఏ పక్కన ఉండాలన్నది కూడా చూడాలి. టీపొడి పక్కన అగరుబత్తులు, కర్పూరం పెట్టిన కొట్టు నేనెరుగుదును. పూజ సామాను ఉదయం ఎక్కువ పోతుందని, టీ కూడా ఉదయానిదేనని ఎవరో సలహా ఇచ్చారట. నెల తిరక్కుండానే ఒకావిడ ప్యాకెట్టు వెనక్కి తెచ్చింది. "అన్నయ్యా, టీ తాగుతుంటే గుడిలో కూర్చున్నట్టుంది. మా ఆయన వాసన చూసి పక్కన పెట్టేశారు" అంది. టీ, బియ్యం, బిస్కట్లు, పిండి చుట్టూ ఉన్న వాసనలను పీల్చుకుంటాయి. బట్టల పొడి, ఫినాయిలు, కలరా ఉండలు, అగరుబత్తులు వీటికి దూరంగా, కుదిరితే ఎదురు గోడకు ఉండాలి.

గొండోలా వరస చివర, నడవాకు ఎదురుగా ఉండే చిన్న ర్యాకును ఎండ్ క్యాప్ అంటారు. మలుపు తిరిగే ప్రతి మనిషీ దాన్ని చూస్తాడు. దాన్ని ఎంత బాగా వాడుకోవచ్చో ఏప్రిల్, మే నెలల్లో ఆవకాయ చెబుతుంది. మామిడికాయలు బజార్లో కొన్న మనిషికి కారం, ఆవపిండి, కల్లుప్పు, మెంతులు, వెల్లుల్లి, నువ్వుల నూనె, జాడీ కావాలి. కొట్టులో ఇవి ఏడు చోట్ల ఉంటాయి. కారం మసాలాల దగ్గర, నూనె నూనెల దగ్గర, జాడీ ప్లాస్టిక్ సామాన్ల వెనక. ఇంటికెళ్లి కలపడానికి కూర్చున్నాక మెంతులు లేవని తెలుస్తుంది. ఈ ఏడింటినీ ఒకే ఎండ్ క్యాప్ మీదికి తెస్తే అది ప్రకటన కాదు, ఆవకాయ చీటీయే. నూనె కింది అరలో, కారం, ఆవపిండి నడుం ఎత్తున పక్కపక్కన, మెంతులూ వెల్లుల్లీ కంటి ఎత్తున. జాడీలు పగిలేవి కనుక కిందే, కానీ ఒకటి మాత్రం ఖాళీది పైన నమూనాకు.

అందులో కూడా తప్పులు దొర్లుతాయి. ధర చీటీ పెట్టకపోతే సగంమంది ముట్టుకోరు. పండగ సరుకంటే ధర పెంచి ఉంటారని మనవాళ్ల అనుమానం. పెద్ద అక్షరాల్లో ధర రాసి పెట్టాలి, తగ్గింపు లేకపోయినా సరే. ప్యాకెట్లను గోపురంలా మరీ చక్కగా పేర్చినా తియ్యరు, పడిపోతుందేమోనని భయం. పేర్చాక పైనుంచి ఒకటి రెండు తీసేస్తే, అప్పటికే ఎవరో కొన్నారన్న భావన వస్తుంది, చెయ్యి ముందుకు సాగుతుంది. ఆవపిండి ఖాళీ అవుతూ నూనె కదలకపోతే దానర్థం జనం నూనె ఇంకోచోట కొంటున్నారని. బ్రాండు నచ్చకపోయి ఉండొచ్చు, లేదా పెట్టింది లీటరు ప్యాకెట్లు, వాళ్లకు కావలసింది ఐదు లీటర్ల క్యాన్ అయి ఉండొచ్చు. కాయల సీజను అయిపోయిన వారం ఆ ఎండ్ క్యాప్ తీసెయ్యాలి. జులైలో కూడా ఆవపిండి అక్కడే ఉంటే ఆ మూల చూడడం జనం మానేస్తారు, తర్వాత శ్రావణమాసం సరుకు పెట్టినా కంటికి ఆనదు.

ఇప్పుడు బిల్లింగ్ కౌంటర్. అనుకోకుండా కొనేవాటి మీద 1962లో హాకిన్స్ స్టెర్న్ అనే ఆయన జర్నల్ ఆఫ్ మార్కెటింగ్‌లో ఒక చిన్న వ్యాసం రాశాడు. అలాంటి కొనుగోళ్లన్నీ ఒకటి కాదని, నాలుగు రకాలని అన్నాడు. ఒకటి, ఏ ఆలోచనా లేకుండా ముచ్చటపడి కొనేది. రెండోది, చూడగానే ఇంట్లో అయిపోయిందని గుర్తొచ్చి కొనేది. మూడోది, మొదటిసారి చూసి ఇది నాకు పనికొస్తుందే అనిపించి కొనేది. నాలుగోది, కొట్టుకు వెళ్లాక ఏది చవగ్గా ఉంటే అది చూద్దామని ముందే అనుకుని కొనేది. పెద్ద మాల్ మొదటి రకం మీద ఎక్కువ ఆధారపడగలదు, అక్కడికి రోజూ కొత్త మనుషులు వస్తారు. మన చిన్న కొట్టుకు వచ్చేది ఆ వీధివాళ్లే, వారానికి రెండు మూడుసార్లు. వాళ్లను ముచ్చటపెట్టి అనవసరమైనది అంటగడితే ఇంటికెళ్లి తిట్టుకుంటారు. గుర్తుచేస్తే మెచ్చుకుంటారు. నా దృష్టిలో ఈ కౌంటర్ రెండో రకానికి కట్టుబడి ఉండడమే తెలివి.

అక్కడ ఏం పెట్టాలి? చిన్నదై ఉండాలి, చేతిలో పట్టాలి. ధర ఆలోచించక్కర్లేనిదై ఉండాలి. ఐదు, పది, ఇరవై రూపాయలు. కొనేమనిషికి ముందే తెలిసిన వస్తువై ఉండాలి, ఎందుకంటే లైన్లో నిలబడి ఎవరూ లేబుల్ చదవరు. అగ్గిపెట్టెలు, పెన్సిల్ సెల్లులు, బ్లేడ్లు, పిన్నీసులు, బొట్టు బిళ్లలు, రబ్బరు బ్యాండ్లు, పెన్ను రీఫిళ్లు, హారతి కర్పూరం. ఇవన్నీ ఎవరూ చీటీలో రాయరు, అందరికీ కావాలి. సాయంత్రం పూట ఒక బుట్టలో కొత్తిమీర, కరివేపాకు కట్టలు పెట్టి చూడండి. మార్జిన్ పెద్దగా ఉండదు, మిగిలినవి మర్నాటికి వాడతాయి. అయినా కొత్తిమీర కోసమే వచ్చి, వచ్చాక పప్పు కూడా తీసుకెళ్లేవాళ్లుంటారు. కొత్త రకం ఫేస్ క్రీము, మూడు వందల రూపాయల డ్రై ఫ్రూట్స్ పెట్టె లాంటివి మాత్రం ఇక్కడ పనికిరావు. వాటి ముందు మనిషి ఒక నిమిషమైనా నిలబడి ఆలోచించాలి, వెనక ఉన్నవాళ్లు తొందరపెడుతుంటే ఆలోచన సాగదు.

కౌంటర్ నిండా డబ్బాలు పేర్చి బుట్ట పెట్టుకోవడానికి చోటు లేకుండా చేసే కొట్లున్నాయి. ఇది అన్నిటికంటే పెద్ద పొరపాటు. బుట్ట దింపే చోటు లేనప్పుడు బిల్లు ఆలస్యమవుతుంది, లైను పెరుగుతుంది, చేతిలో రెండు వస్తువులున్నవాడు వాటిని ఎక్కడో ఒకచోట పడేసి వెళ్లిపోతాడు. సాయంత్రం బిస్కట్ల మధ్యలో పెరుగు ప్యాకెట్టు దొరికితే అది లైను ఎక్కువైన గుర్తు.

చాక్లెట్ల విషయం వేరు. ఒకప్పుడు చిల్లర లేదని రూపాయికి రెండు చాక్లెట్లు చేతిలో పెట్టేవాళ్లు, అందరం విసుక్కున్నాం. ఫోన్‌తో డబ్బులు కట్టడం మొదలయ్యాక ఆ బలవంతపు అమ్మకం పోయింది, మంచిదే. ఇప్పుడు చాక్లెట్ అమ్మేది పిల్లవాడి ఎత్తు. కౌంటర్ ముందు వైపు, రెండడుగుల ఎత్తున రంగురంగుల ప్యాకెట్లు పెడితే అమ్మ చూడదు, నాలుగేళ్ల పిల్లాడు చూస్తాడు. లైన్లో నిలబడ్డ రెండు నిమిషాల్లో రాగం మొదలవుతుంది. అమ్మకం జరుగుతుంది, కాదనను. కానీ ఆ తల్లి తర్వాతిసారి పిల్లాణ్ని ఇంట్లో వదిలేసి వస్తుంది, లేదా పిల్లలున్నప్పుడు వేరే కొట్టుకు వెళుతుంది. ఇంగ్లండులో 2022 అక్టోబరు నుంచి చట్టమే వచ్చింది: కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి సరుకును బిల్లు కౌంటర్ దగ్గర, గుమ్మం దగ్గర, వరసల చివర పెట్టకూడదు. రెండు వేల చదరపు అడుగుల లోపు కొట్లకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది. మన చిన్న సూపర్ మార్కెట్ అక్కడున్నా దాని కిందికి రాదన్నమాట. చట్టం లేకపోయినా చాక్లెట్లను నాలుగడుగుల ఎత్తుకు పెడితే పెద్దవాళ్లు చూసి కొంటారు. అమ్మకం కాస్త తగ్గుతుంది, గొడవ బాగా తగ్గుతుంది.

అరలు ఎంత బాగా సర్దినా ఎక్స్‌పైరీ చూడకపోతే అంతా బూడిదలో పోసినట్టే. కొత్త సరుకు రాగానే ముందు వరసలో పేర్చేయడం సులువు, అందుకే అందరూ అదే చేస్తారు. పాతవి వెనక్కి వెళ్లిపోతాయి. గడువు ముందు తీరేది ముందు ఉండాలి. దీనికోసం ప్రతిసారీ అర ఖాళీ చేసి, తుడిచి, కొత్తవి వెనక పెట్టి పాతవి ముందుకు లాగాలి. పదిహేను నిమిషాల పని. చెయ్యని కొట్టును గుర్తుపట్టడం తేలిక: ముందున్న బ్రెడ్డు వదిలేసి చెయ్యి వెనక్కి పెట్టి లాగేవాళ్లు కనబడతారు. తాజాది వెనక ఉంటుందని వాళ్లకు అలవాటైపోయింది.

కొనేవాళ్ల వైపు నుంచి కూడా ఒక్క మాట. ఇదంతా తెలిసిన మనిషి కంటి ఎత్తు దగ్గరే ఆగిపోదు, కింది అర కూడా చూస్తుంది. ప్యాకెట్టు మీద ఎమ్మార్పీ పక్కన గ్రాముకు ఎంత పడుతుందో కూడా ఇప్పుడు ముద్రిస్తున్నారు. చిన్న అక్షరాలే, కానీ కిలో కంటే పావుకిలోలు నాలుగు కొంటేనే చవకన్న వింతలు అప్పుడప్పుడూ అందులో బయటపడతాయి.

మార్పు చేశాక అది పనిచేసిందో లేదో తేల్చుకోవడం చివరి పని, ఎక్కువమంది జారిపోయేది కూడా ఇక్కడే. చిన్న టీని పైకి తెచ్చారు, అదే వారం ధర రెండు రూపాయలు తగ్గించారు, అదే వారం ఊళ్లో తిరునాళ్లు. అమ్మకం పెరిగితే దేనివల్ల పెరిగింది? ఒక్కసారి ఒక్కటే మార్చాలి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో సరుకువారీ అమ్మకాల పట్టీ ఉంటుంది, మార్చకముందు రెండు వారాలవీ, మార్చాక రెండు వారాలవీ తీసి పక్కపక్కన పెట్టాలి. కానీ ఏ రెండు వారాలు? ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా జీతాలొస్తాయి, నెల సరుకు పోతుంది. ఇరవై దాటాక విడి ప్యాకెట్లే పోతాయి. నెల మొదటి పదిహేను రోజులను నెల చివరి పదిహేను రోజులతో పోలిస్తే ఏం సర్దినా సర్దకపోయినా తేడా కనబడుతుంది. కనుక ఈ నెల మొదటి పక్షాన్ని పోయిన నెల మొదటి పక్షంతో పోల్చాలి. పట్టీలో ఆ సరుకు ఒక్కదాన్నే కాదు, దాని పక్కవాటినీ చూడాలి. చిన్న టీ ఐదు పెరిగి పెద్దది ఐదు తగ్గితే అది మారడం. చిన్నది ఐదు పెరిగి పెద్దది పన్నెండు తగ్గితే, ఆ ఏడుగురూ పక్క వీధి కొట్లో ఉన్నారని అర్థం, సోమవారం లోగా పాత అమరికకు వెళ్లిపోవాలి.